సొంత మనుషులతో గోదాము కడితే ఖాతాలో ఎంత రాయాలి?

ప్రశ్న: మాది సిమెంటు బ్లాకులు తయారు చేసే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. గత జూన్ నుంచి జనవరి వరకు ఎనిమిది నెలల్లో పదివేల చదరపు అడుగుల గోదాము కట్టుకున్నాం. కాంట్రాక్టరు లేడు. ఇనుము, రేకులు, సిమెంటు కొన్నాం; బ్లాకులు మావే; పని చేసింది ఫ్యాక్టరీ మనుషులు పన్నెండుగురు, చూసుకున్నది మా మెయింటెనెన్స్ ఇంజనీరు. ఎనిమిది నెలల జీతాలు, ఆఫీసు ఖర్చుల్లో వాటా, 50 లక్షల రుణంపై వడ్డీ, ప్రారంభోత్సవ ఖర్చు అన్నీ కలిపితే 86,50,000 రూపాయలు వచ్చింది. కొనుగోళ్ల మీద జీఎస్టీ క్రెడిట్ తీసుకున్నాం కాబట్టి అది ఇందులో లేదు. కాంట్రాక్టరు అడిగింది కోటీ పది లక్షలు కాబట్టి ఆ విలువే రాయమని మా ఎండీ గారు అంటున్నారు. నా లెక్క సరైనదేనా? హాజరు రిజిస్టరు, ఖర్చుల పట్టిక జత చేశాను.
— అకౌంట్స్ అధికారి, గుంటూరు జిల్లా

సమాధానం:

మీరు పంపిన కాగితాలన్నీ రెండుసార్లు చూశాను. నా లెక్కలో మీ గోదాము ఖరీదు 76,19,000 రూపాయలు. ఎండీ గారి అంకె కంటే 34 లక్షలకు దగ్గరగా తక్కువ, మీ అంకె కంటే పది లక్షలకు పైగా తక్కువ. అయితే మీ లెక్కలో ఎక్కువ రాసినవి మాత్రమే కాదు, వదిలేసిన పెద్ద మొత్తం కూడా ఒకటి ఉంది. వరుసగా చెబుతాను.

ముందు కోటీ పది లక్షల సంగతి. మీది లిస్టు కాని కంపెనీ, నికర విలువ 250 కోట్లకు చాలా దిగువన ఉంది కాబట్టి మీకు వర్తించేది అకౌంటింగ్ స్టాండర్డ్ 10. సొంతంగా కట్టుకున్న ఆస్తికి అది ఒకే సూత్రం చెబుతుంది: కట్టడానికి నిజంగా అయిన ఖర్చే దాని ఖరీదు. బయటివాడు కడితే ఎంత తీసుకునేవాడన్నది ఈ లెక్కలోకి రాదు. కోటీ పది లక్షలు రాయాలంటే మిగతా 34 లక్షలను ఎక్కడో ఆదాయంగా చూపాలి. కంపెనీ తనకు తాను గోదాము అమ్ముకుని లాభం పొందినట్టు అవుతుంది అది. కాంట్రాక్టరును పెట్టుకోకపోవడం వల్ల మిగిలిన డబ్బు మీకు తప్పకుండా దక్కుతుంది. ఏటా రాసే తరుగుదల ఆ మేరకు తక్కువగా ఉండటమే ఆ దక్కడం. బ్యాంకుకు ఎక్కువ విలువ చూపాలన్నది ఎండీ గారి ఆలోచన అయితే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యుయర్ చేత నివేదిక రాయించి ఇవ్వండి. తాకట్టుకు బ్యాంకు చూసేది దాన్నే. దానికోసం ఖాతా పుస్తకాలను మార్చనక్కర్లేదు.

ఇదే సూత్రం మీ బ్లాకులకూ వర్తిస్తుంది. గోదాముకు పదివేల బ్లాకులు పంపి, ఒక్కోటి 38 రూపాయల అమ్మకం ధర చొప్పున 3,80,000 రాశారు. మీ స్టాకు విలువ పట్టికలో అదే బ్లాకు ఉత్పత్తి ఖర్చు 30 రూపాయలు. సంవత్సరాంతంలో స్టాకుకు ఏ రేటు కడుతున్నారో గోదాముకూ అదే రేటు కట్టాలి. ఆ 30లో ముడిసరుకు, కూలీ, ఫ్యాక్టరీ ఖర్చుల వాటా ఉన్నాయి కాబట్టి వేరే ఏమీ కలపనక్కర్లేదు. మిగిలిన ఎనిమిది రూపాయలు మీ సొంత లాభం. 80,000 తీసేయండి.

ఇక జీతాలు. మీ లెక్క ఎక్కువగా దారి తప్పింది ఇక్కడే, అందువల్ల కొంచెం నిదానంగా చెబుతాను.

నెల జీతాల మీద ఉన్న మనుషులకు గోదాము కట్టినా కట్టకపోయినా జీతం ఇవ్వాల్సిందే, అలాంటప్పుడు అది గోదాము ఖర్చు ఎలా అవుతుందని కొందరు ఆడిటర్లు అడుగుతారు. ఆ అనుమానం పెట్టుకోకండి. నిర్మాణం నుంచి నేరుగా పుట్టిన ఉద్యోగుల ఖర్చు ఆస్తి ఖరీదులో చేరుతుందని ప్రమాణం స్పష్టంగా చెబుతోంది. ఆ ఖర్చు కొత్తగా, అదనంగా పుట్టినదై ఉండాలన్న షరతు అందులో లేదు. మనిషి ఆ రోజు ఆ కట్టడం మీద పని చేశాడా లేదా అన్నదే చూడాలి. జీతంతో పాటు కంపెనీ కట్టే పీఎఫ్, ఈఎస్ఐ, బోనసు వాటా కూడా ఆ రోజు ఖర్చులో భాగమే. మీరు వేసిన నెలకు 22,500లో అవన్నీ ఉన్నాయి. నెలకు 25 పని రోజుల చొప్పున మనిషికి రోజుకు 900 రూపాయలు పడుతోంది. ఆ రేటు సరిగ్గానే ఉంది.

తప్పు రోజుల్లో ఉంది. పన్నెండుగురికి ఎనిమిది నెలలకు 2,400 పని రోజులు లెక్కగట్టి 21,60,000 వేశారు. మీరు పంపిన హాజరు రిజిస్టరులో గోదాము దగ్గర పడిన హాజరు 1,600 రోజులే. మిగతా 800 రోజులు వాళ్లు ఫ్యాక్టరీలో బ్లాకులు పోశారు, యంత్రాలు బాగు చేశారు. ఆ 7,20,000 ఫ్యాక్టరీ ఖర్చు. అది ఈపాటికే మీ బ్లాకుల ఉత్పత్తి ఖర్చులో కూర్చుని ఉంటే, గోదాములోనూ రాయడం వల్ల ఒకే జీతం రెండు ఆస్తుల్లో, అంటే స్టాకులోనూ భవనంలోనూ, చేరిపోతుంది. దీనికి ఎదురుగా ఇంకో పొరపాటూ జరిగే అవకాశం ఉంది: గోదాముకు వెళ్లిన 1,600 రోజుల జీతం బ్లాకుల ఖర్చులోంచి బయటికి వచ్చిందో లేదో చూడండి. రాకపోతే మీ 30 రూపాయల రేటే తప్పు అవుతుంది.

ఆ 1,600 రోజుల్లో కూడా అన్నీ చేరవు. అక్టోబరులో రేకుల లారీ రాక పన్నెండు రోజులు పన్నెండుగురూ ఖాళీగా ఉన్నట్టు ఇంజనీరు గారు రిజిస్టరు అంచున రాశారు. నిజాయితీగా రాసినందుకు ఆయనను మెచ్చుకోవాలి. ఆ 144 రోజుల 1,29,600 రూపాయలు గోదాములో ఒక్క ఇటుకను కూడా పైకి లేపలేదు. అది లాభనష్టాల ఖాతాకు వెళ్లాలి.

సెప్టెంబరు గాలివానకు పడిపోయిన పడమటి గోడదీ ఇదే దారి. పనిలో మామూలుగా విరిగే బ్లాకులు, కోతలో పోయే ఇనుప ముక్కలు నిర్మాణ ఖర్చులో భాగమే. అవి లేకుండా ఎవరూ కట్టలేరు. తాపీ పని ఆరకముందే ఊతకర్రలు తీసేయడం వల్ల గోడ మొత్తం కూలిపోవడం అలాంటిది కాదు. దానిని అసాధారణ నష్టం అంటారు. పడిన గోడలోని 800 బ్లాకులకు 24,000, పోయిన సిమెంటు, ఇసుకకు పన్నుతో సహా 20,000, శిథిలాలు తీసి గోడ మళ్లీ లేపడానికి పట్టిన 50 పని రోజులకు 45,000. మొత్తం 89,000 బయటికి తీయండి. గోడ ఒక్కటే నిలబడి ఉంది కాబట్టి దాని ఖరీదు ఒక్కసారే ఉండాలి. బీమా సొమ్ము వస్తే అది వేరుగా ఆదాయంలో కనిపిస్తుంది, దాన్ని గోదాము ఖర్చులోంచి తగ్గించకండి.

ఇవన్నీ పోగా మనుషుల పని 1,406 రోజులు, 12,65,400 రూపాయలు. ఇంజనీరు గారి డైరీ ప్రకారం ఆయన సగం సమయం ఫ్యాక్టరీ యంత్రాల మీదే ఉన్నారు. కాబట్టి 4,80,000లో 2,40,000 మాత్రమే గోదాముకు చేరుతుంది.

ఈ రిజిస్టరు గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీ ఆడిట్‌లో ఇలాంటి సొంత నిర్మాణపు మస్టర్లు చూశాను. ఏడు నెలల పట్టీలు ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, ఎక్కడా కొట్టివేత లేకుండా ఉన్నాయి. సంవత్సరాంతంలో ఒకే చోట కూర్చుని రాసినవని చూడగానే అర్థమైంది, కానీ రుజువు కావాలి. ఈఎస్ఐ ప్రమాద నివేదికలు తెప్పించి చూస్తే, ఒక వెల్డరు చెయ్యి కాలి ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ అతను నిర్మాణ స్థలంలో పని చేసినట్టు రాసి ఉంది. ఆ తర్వాత ఆ పట్టీల్లో ఏ రోజునూ నమ్మలేకపోయాం. జీతాల మొత్తాన్ని ఖర్చులోకి తిప్పించాల్సి వచ్చింది, నిజంగా పని చేసినవాళ్ల జీతంతో సహా. అందుకే మీ రిజిస్టరులో అంచున రాసిన మాటలు, కొట్టివేతలు, వాన మరకలు చూసి నాకు సంతోషమేసింది. దాన్ని అందంగా తిరగరాయించకండి. గేటు రిజిస్టరుతో, బ్లాకులు బయటికి పంపిన స్టోర్సు చీటీలతో ఒక నెలకు సరిపోల్చి చూసి, ఆ పోలికను ఫైలులో పెట్టండి.

ఆఫీసు ఖర్చుల వాటా 3,00,000 పూర్తిగా తీసేయండి. ఎండీ గారి సమయం, అకౌంట్సు విభాగం, ఆఫీసు అద్దె ఇవన్నీ గోదాము లేకపోయినా ఇలాగే ఉండేవి, దానికోసం ప్రత్యేకంగా చేసిన పని కూడా కాదు. పరిపాలన ఖర్చులను ప్రమాణం పేరు పెట్టి మరీ బయట ఉంచింది. ప్రారంభోత్సవ భోజనాలు, షామియానాలకు అయిన 60,000 కూడా అంతే.

వడ్డీ విషయంలో ఖాతాలకు ఒక దారి, ఆదాయపు పన్నుకు ఇంకో దారి ఉన్నాయి. ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఖాతాల వరకు అకౌంటింగ్ స్టాండర్డ్ 16 ప్రకారం, తయారు కావడానికి గణనీయమైన కాలం పట్టే ఆస్తికే వడ్డీ చేరుతుంది. సాధారణంగా ఆ కాలాన్ని పన్నెండు నెలలుగా చూస్తారు. అంతకన్నా తక్కువ కాలాన్ని సమర్థించుకోవాలంటే గట్టి కారణం చూపాలి. ఎనిమిది నెలల్లో పూర్తయిన రేకుల గోదాముకు అలాంటి కారణం నాకు కనిపించలేదు. 3,00,000 వడ్డీ లాభనష్టాల ఖాతాలోనే ఉంచండి. ఆదాయపు పన్నులో మాత్రం, ఆస్తి కోసం అప్పు తెచ్చిన రోజు నుంచి దాన్ని మొదట వాడుకలోకి తెచ్చిన రోజు వరకు పడిన వడ్డీని ఖర్చుగా ఒప్పుకోరు, మీరు ఖాతాల్లో ఎలా రాసినా సరే. పన్ను లెక్కలో దాన్ని భవనం ఖరీదుకు కలిపి తరుగుదల తీసుకోవాలి. కాబట్టి పన్ను కోసం భవనం విలువ మీ పుస్తక విలువ కంటే ఎక్కువగా ఉంటుంది. ఆ తేడాను వాయిదా పన్ను లెక్కలో చూపమని మీ ఆడిటరుకు ముందే చెప్పండి.

ఇప్పుడు మీరు వదిలేసిన పెద్ద మొత్తం. ఇనుము, రేకులు, సిమెంటు, ఇసుక, కంకర బిల్లుల మీద కట్టిన జీఎస్టీ 8,60,000 రూపాయలకు క్రెడిట్ తీసుకున్నారు. అది మీకు రాదు. కేంద్ర జీఎస్టీ చట్టం 17వ సెక్షను 5వ ఉపవిభాగంలోని డి నిబంధన ప్రకారం, తన కోసం స్థిరాస్తి కట్టుకోవడానికి కొన్న సరుకుల మీద క్రెడిట్ నిషిద్ధం, ఆ ఆస్తి వ్యాపారానికే వాడుతున్నా సరే. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒడిశాలోని మాల్ కేసులో ఇచ్చిన తీర్పు చూసి గోదాములకూ దారి తెరుచుకుందని చాలామంది ఆశపడ్డారు. ఆ తీర్పు నిబంధనలో ఉన్న ‘ప్లాంట్ ఆర్ మెషినరీ’ అనే మాట మీద నిలబడింది. 2025 ఫైనాన్స్ చట్టం ఆ ‘ఆర్’ను ‘అండ్’గా మార్చి, మార్పు 2017 జులై 1 నుంచే అమల్లో ఉన్నట్టుగా చేసింది. ‘ప్లాంట్ అండ్ మెషినరీ’ నిర్వచనంలో భవనాలు, ఇతర సివిల్ కట్టడాలు ఉండవు. కాబట్టి మీ గోదాముకు ఆ దారి మూసుకుపోయింది.

తీసుకున్న క్రెడిట్‌ను జీఎస్టీఆర్-3బిలో, మళ్లీ తిరిగి తీసుకోలేని రివర్సల్స్ చూపే 4(బి)(1) పట్టికలో వెనక్కి ఇవ్వండి. ఆ క్రెడిట్ ఇంకా మీ ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జరులోనే పడి ఉంటే వడ్డీ లేదు. పన్ను కట్టడానికి వాడేసి ఉంటే ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది. ఆ వడ్డీ మాత్రం గోదాము ఖరీదులోకి రాదు, అది మీ పొరపాటు ఖర్చు. వెనక్కి ఇచ్చిన 8,60,000 మాత్రం తిరిగి రాని పన్ను కాబట్టి గోదాము ఖరీదులో చేరుతుంది. మీ బ్లాకుల్లోకి వెళ్లిన సిమెంటు, రసాయనాల మీద తీసుకున్న క్రెడిట్‌లో గోదాముకు వెళ్లిన భాగాన్ని కూడా వెనక్కి ఇవ్వాలి. మీ పట్టిక ప్రకారం అది బ్లాకుకు మూడు రూపాయలు. నిలిచి ఉన్న 9,200 బ్లాకులకు 27,600 గోదాములో చేర్చండి, పడిపోయిన 800 బ్లాకుల 2,400 నష్టంలో రాయండి.

ఇప్పుడు కూడితే ఇలా వస్తుంది. కొన్న సరుకులు 46,00,000, వాటి పన్ను 8,60,000, అందులోంచి పడిన గోడ వాటా 20,000 తీసేస్తే 54,40,000. బ్లాకులు పన్నుతో 3,03,600. మనుషుల పని 12,65,400. ఇంజనీరు గారి సమయం 2,40,000. జేసీబీ, క్రేన్ల అద్దె, డీజిలు 2,10,000. ప్లాను, మట్టి పరీక్ష, అనుమతి రుసుములు, నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు 1,60,000. చివరి రెండూ మీరు వేసినవే, వాటిలో మార్పు లేదు. మొత్తం 76,19,000.

జీతాలను ఎక్కువగా భవనంలోకి తోస్తే ఈ ఏడాది లాభం పెరుగుతుందని ఎండీ గారికి అనిపించవచ్చు. పన్ను వైపు నుంచి చూపించండి. గోదాముకు చెందని జీతం ఈ ఏడాదే పూర్తిగా ఖర్చుగా తగ్గుతుంది. అదే భవనంలో కలిపితే ఏటా 10 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. మొదటి ఏడాది అదీ రాదు: మీరు సరుకు తెచ్చి పెట్టింది ఫిబ్రవరి 10న, మార్చి 31కి 180 రోజులు కాలేదు కాబట్టి సగం, అంటే 5 శాతమే.

ఖాతాల్లో తరుగుదల మొదలయ్యే రోజు వేరు. సరుకు దించిన రోజు కాదు, గోదాము వాడకానికి సిద్ధమైన రోజు. ఇంజనీరు గారి చివరి నమోదు జనవరి 20న షట్టర్లు బిగించినట్టు చెబుతోంది. ఆ రోజు నుంచి తరుగుదల మొదలు, ఆ రోజుతో ఖర్చులు చేర్చడం ఆఖరు. ఫిబ్రవరిలో పాత షెడ్డు నుంచి స్టాకు మార్చడానికి మనుషులకు ఇచ్చిన కూలీ భవనంలో వేయకూడదు.

ఎన్నేళ్లకు తరుగుదల వేయాలన్నదాని మీద మీరు ‘ఫ్యాక్టరీ భవనం, 30 ఏళ్లు’ అని పెన్సిలుతో రాశారు. అంకె సరైనదే కానీ కారణం తప్పు. కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ఫ్యాక్టరీ భవనాల్లో గోదాములు చేరవని ప్రత్యేకంగా చెబుతుంది. ఫ్యాక్టరీ కాని భవనాల్లో ఆర్‌సీసీ ఫ్రేముతో కట్టినదానికి 60 ఏళ్లు, ఆర్‌సీసీ ఫ్రేము లేనిదానికి 30 ఏళ్లు. మీది ఇనుప స్తంభాల మీద నిలిచిన షెడ్డు కాబట్టి 30. రేపు దాని పక్కనే ఆర్‌సీసీతో ఇంకోటి కడితే అప్పుడు 60 అవుతుంది, అందుకే కారణం సరిచేసి రాయండి. విద్యుత్ వైరింగు, బోర్డులను భవనంలో కలపకుండా విడిగా పదేళ్లకు వేయండి. గోదాము ముందు వేసిన కాంక్రీటు రోడ్డు కూడా వేరు, దానికీ పదేళ్లే. ఈ రెండింటి ఖర్చును 76,19,000లోంచి విడదీయడానికి మీ దగ్గర బిల్లులు ఉన్నాయి, పని రోజులు మాత్రం ఇంజనీరు గారే చెప్పగలరు.

ఆయన వచ్చే నెల ఉద్యోగం మానేస్తున్నారని మీ ఉత్తరం చివర రాశారు. వెళ్లకముందే ఆయన చేత ఒక పేజీ రాయించి సంతకం తీసుకోండి: గోదాము సిద్ధమైన తేదీ, రేకుల కోసం ఆగిన పన్నెండు రోజులు, గోడ పడిన తేదీ, కారణం, రోడ్డుకూ వైరింగుకూ పట్టిన పని రోజులు, తన సమయంలో గోదాముకు పోయిన వాటా. మిగతావన్నీ బిల్లుల నుంచి ఎప్పుడైనా తీయవచ్చు, ఈ ఐదూ ఆయన దగ్గర మాత్రమే ఉన్నాయి.